మూడో రిమైండర్

ఇఫ్తార్‌కి ఇంకా పది నిమిషాలుంది. అమ్మీ దస్తర్ఖాన్ పరిచి ఖర్జూరాలు, పకోడీలు, షర్బత్ గ్లాసులు సర్దుతోంది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక మెయిల్‌లో సీసీ గడిలో ఒక పేరు టైపు చేయడం, తుడిచేయడం, మళ్లీ టైపు చేయడం. నాలుగుసార్లు అయింది. ఆ పేరు ఒక ఫైనాన్స్ హెడ్ మేడమ్‌ది. మెయిల్ మాత్రం ఆమె కింద పనిచేసే డిప్యూటీ మేనేజర్ సార్‌కి. పదిహేను రోజులుగా నా మెయిల్స్‌కి ఆయన దగ్గర్నుంచి జవాబు లేదు. పూర్తి ఖామోషీ.

ఆఫీసుల్లో పనిచేసే మన ఇళ్ల పిల్లలందరికీ ఈ పరేషానీ తెలిసే ఉంటుంది. మన పని ఆగిపోయి ఉంటుంది, తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉంటుంది, వాళ్లేమో మాట్లాడరు. వాళ్ల పై ఆఫీసర్‌కి చెబుదామంటే లిహాజ్ అడ్డొస్తుంది, ఊరుకుందామంటే గడువు తరుముకొస్తుంది. 2025 మార్చిలో నాకు జరిగింది పూర్తిగా చెబుతాను.

మా పని జీతాల సాఫ్ట్‌వేర్ మార్చడం. నగరం శివార్లలో ఒక ఫ్యాక్టరీ, దాదాపు 1,200 మంది మనుషులు. ఏప్రిల్ జీతం కొత్త సాఫ్ట్‌వేర్‌లో నడవాలి. దానికి ముందు మార్చి జీతాన్ని పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ రెండిట్లోనూ లెక్కకట్టి పోల్చి చూస్తాం. దీన్ని ప్యారలల్ రన్ అంటారు. అయితే జీతమంటే ఒకే అంకె కాదు. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, ఓవర్‌టైమ్, పీఎఫ్ కోత, క్యాంటీన్ కోత, పాత బకాయిలు, ఇలా ఆ ఫ్యాక్టరీలో మొత్తం 62 పే హెడ్‌లున్నాయి. ప్రతి హెడ్‌లోని డబ్బు కంపెనీ పద్దుల్లో ఏ ఖాతాకి వెళ్లాలో ఫైనాన్స్ వాళ్లు చెప్పాలి. 51 హెడ్‌లకి పాత సాఫ్ట్‌వేర్ చూసి మేమే ఖాతా నంబర్లు నింపాం. మిగిలిన 11 తేలలేదు. ఆ 11కీ నంబర్లు ఇచ్చి, మొత్తం షీట్ సరిగా ఉందని చెప్పాల్సింది ఆ సార్.

మొదటి మెయిల్ ఫిబ్రవరి 20న పంపాను. శివరాత్రి సెలవు అయ్యాక 27న మొదటి రిమైండర్. మార్చి 5న రెండోది. 7వ తారీఖు శుక్రవారం సాయంత్రం, నేను చెప్పిన ఆ ఇఫ్తార్ వేళ, గుస్సాలో మూడోది రాస్తున్నాను, ఈసారి మేడమ్‌ని సీసీలో పెట్టి.

పెట్టలేదు. అజాన్ వినిపించింది, ల్యాప్‌టాప్ మూశాను. నన్ను ఆపింది ఒక్క అజానే అంటే అబద్ధమవుతుంది. ఇలాంటి పని అంతకు నాలుగేళ్ల ముందు ఇంకోచోట చేసి దెబ్బతిన్నాను. అక్కడ ఒక పెద్దాయన రెండు మెయిల్స్‌కి జవాబివ్వకపోతే, రెండో రిమైండర్‌లోనే వాళ్ల డైరెక్టర్‌ని సీసీలో పెట్టేశాను. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడిన ప్రతి మాటా కాగితం మీద మాటే. చివర్లో, సిస్టమ్ మొదలుపెట్టే రాత్రి, ఆయన ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోయే పని పడింది. ఫోన్ చేశాను. "టికెట్ వేయండమ్మా, చూస్తాం" అన్నారు. తప్పు కూడా కాదు, రూల్ అదే. ఆ టికెట్ తెమలడానికి రెండు రోజులు పట్టింది. ఇరవై నిమిషాల్లో వచ్చిన జవాబుకి నేను కట్టిన ధర అది.

శనివారం సెహరీ అయ్యాక అబ్బాకి ఈ సంగతి చెప్పాను. అబ్బా ముప్పయ్యేళ్లు సర్కారీ కచేరీలో గుమాస్తాగా చేసిన మనిషి, కాగితాల మధ్యే జిందగీ గడిపారు. అంతా విని ఒక్కటే అడిగారు. "బేటీ, నువ్వు రాస్తున్నది షికాయతా, ఇత్తిలానా?"

తేడా ఏమిటన్నాను.

"షికాయత్‌లో మనిషి ఉంటాడు. ఫలానావాడు జవాబివ్వలేదు, ఫలానావాడు లాపర్వా అని రాస్తావు. ఇత్తిలాలో పని ఉంటుంది. ఫలానా పని ఫలానా తారీఖుకి కావాలి, ఇక్కడ ఆగింది, మీ ఫైసలా కావాలి అని రాస్తావు. షికాయత్ అందుకున్న ఆఫీసరు మనిషిని తిడతాడు. ఇత్తిలా అందుకున్నవాడు పని చూస్తాడు. నీకేం కావాలి?"

ఆ తర్వాత ఆయన అడిగింది ఇంకా ఇబ్బంది పెట్టింది. "అసలు ఎప్పటిలోగా కావాలి నీకు?" నేను "అర్జెంట్ అబ్బా" అన్నాను. "అర్జెంట్ అనేది తారీఖు కాదు కదా" అన్నారు.

నిజమే. నా మూడు మెయిల్స్‌నూ ఆయన కళ్లతో మళ్లీ చదివాను. మొదటిదాంట్లో ఐదుగురి పేర్లున్నాయి, ఎవరిని అడుగుతున్నానో చెప్పలేదు. అడిగిన విషయం నాలుగో పేరాలో, 62 వరుసల ఎక్సెల్ షీట్‌కి వెనక దాక్కుని ఉంది. "వీలైనంత త్వరగా" అని ఉంది. రెండోది, మూడోది ఆ పాత మెయిల్‌నే పైకి లాగి, మీద "జెంటిల్ రిమైండర్" అని ఒక ముక్క తగిలించినవి. అందులో కొత్త మాట లేదు. నెల మధ్యలో ఉన్న ఫైనాన్స్ మనిషి అది తెరిచి, ఇది గంట పని అనుకుని, తర్వాత చూద్దామని మూసేస్తాడు. పైగా అది మార్చి నెల. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్‌టీ రిటర్న్, 15న అడ్వాన్స్ టాక్స్, అదే రోజుకి పీఎఫ్, వీటన్నిటి మీద సంవత్సరాంతపు లెక్కల ముగింపు. నా రెండో రిమైండర్ సరిగ్గా టీడీఎస్ గడువుకి రెండు రోజుల ముందు వెళ్లింది. ఆయన ఖామోషీలో సగం నా చేతి పనే.

అందుకే ముందు కాగితం తీసుకుని తారీఖులు వెనక్కి లెక్కపెట్టాను. ప్యారలల్ రన్ 24, సోమవారం మొదలవ్వాలి. ఖాతా నంబర్లు వచ్చాక వాటిని ఎక్కించి పరీక్షించడానికి మాకు నాలుగు పనిరోజులు కావాలి, అంటే 18 నుంచి 21 దాకా. కాబట్టి నంబర్లు నా చేతికి రావాల్సిన చివరి ఘడియ 17, సోమవారం సాయంత్రం. ఇక మేడమ్ దాకా వెళ్లాల్సి వస్తే ఆమెకీ టైమ్ ఇవ్వాలి కదా. చివరి రోజున వెళ్లి తల మీద పెడితే అది ఇత్తిలా కాదు, నిప్పు. ఆమెకి మూడు పనిరోజులు అనుకున్నాను. 14 శుక్రవారం హోలీ, తర్వాత శని, ఆదివారాలు. మిగిలినవి 12, 13, 17. అంటే ఆమెకి మాట చేరాల్సింది 12, బుధవారం పొద్దున. ఆ లోపు సార్‌కి ఒక సాఫైన, నిజమైన మౌకా దొరకాలి, అది 10, 11.

ఈ లెక్క వేశాక గుస్సా చాలావరకు దిగిపోయింది. మేడమ్‌కి ఎప్పుడు చెప్పాలన్నది నా బర్దాష్త్ మీదో, రిమైండర్లు మూడయ్యాయా ఐదయ్యాయా అన్నదాని మీదో లేదు. క్యాలెండర్ చెప్పేసింది. దీనికి ఉల్టా కూడా ఉంటుంది. జీతం చీటీ మీద వేయడానికి కంపెనీ లోగో కొత్త ఫైలు కావాలని ఇంకో డిపార్ట్‌మెంట్‌కి ఐదు రిమైండర్లు పంపాను, జవాబు లేదు. పాత లోగోతో అచ్చేశాం. దాని కోసం ఎవరి పై ఆఫీసర్‌నీ కదపాల్సిన పని లేదు, ఆకాశం ఊడిపడలేదు. ఈ 11 హెడ్‌లు అలా కాదు. ఆగితే 1,200 ఇళ్ల ఏప్రిల్ జీతం పద్దుల్లోకి తప్పుగా ఎక్కుతుంది, లేదా కొత్త సిస్టమ్ మొదలవడమే ఆగుతుంది.

సోమవారం పొద్దున మొదట చేసిన పని మెయిల్ కాదు. మనిషి ఊళ్లో ఉన్నాడా లేదా అని కనుక్కోవడం. ఆ కంపెనీ వైపు నుంచి ఈ ప్రాజెక్టు చూసుకునే హెచ్‌ఆర్ ఆవిడని అడిగాను. సెలవులో లేరు, సీట్లోనే ఉన్నారు అంది. ఆస్పత్రిలో ఉన్న మనిషి మీద షక్ పడి పైవాళ్లకి రాసిన సంగతులు నేను విన్నాను, అందుకే ఈ ఒక్కటీ మానను. తర్వాత ఫోన్ చేశాను, ఎత్తలేదు. అప్పుడు కొత్త మెయిల్ రాశాను, పాత గొలుసుకి తగిలించకుండా. టు గడిలో ఆయన ఒక్కరే. సబ్జెక్టులోనే "11 పే హెడ్‌లు, మార్చి 11 సాయంత్రంలోగా" అని. మెయిల్ ఇంగ్లీషులోదే, సారం ఇది:

"సార్, మీకు మార్చి పనులు ఎంత ఉంటాయో తెలుసు, అందుకే షీట్‌ని 62 వరుసల నుంచి 11కి తగ్గించాను. ప్రతిదాని పక్కన మాకు తోచిన ఖాతా నంబరు రాశాను. సరైతే 'అవును' అనండి, కాకపోతే నంబరు మార్చండి. ఫోన్లో చెప్పినా నేను రాసుకుంటాను, పావుగంట చాలు. వీటిలో ఏదైనా మీ ఒక్కరి ఫైసలా కాకుండా ఇంకెవరితోనైనా మాట్లాడాల్సింది ఉంటే, అది చెప్పినా చాలు. 24న ప్యారలల్ రన్ ఉంది కాబట్టి రేపు సాయంత్రంలోగా మీ మాట కావాలి. మీకు వీలుపడకపోతే బుధవారం పొద్దున మేడమ్‌ని కలిసి, దీన్ని ఎలా ముందుకు తీసుకెళ్లాలో అడుగుతాను, మిమ్మల్ని కూడా ఆ మెయిల్‌లో ఉంచే."

చివరి రెండు వాక్యాలు రాయడానికే ఎక్కువ టైమ్ పట్టింది. "లేకపోతే మేడమ్‌కి చెప్పాల్సి వస్తుంది" అంటే ధమ్కీ. "మేడమ్‌ని అడుగుతాను" అంటే నా తర్వాతి అడుగు. ముందే చెప్పడం వల్ల ఆయన వెనక ఏదీ జరగదు. మనిషి లేనిచోట అతని మాట ఎత్తడం గీబత్ అని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం మనం. ఆఫీసు మెయిల్‌లో బీసీసీ అనే గడి చూస్తే నాకు ఎప్పుడూ అదే గుర్తొస్తుంది.

"జవాబు రాకపోతే మా నంబర్లకి మీరు ఒప్పుకున్నట్టే అనుకుంటాం" అని రాద్దామా అని కూడా ఆలోచించాను. మీటింగ్ టైమ్, స్క్రీన్ మీద పేరు లాంటివాటికి అలా రాస్తాను, బాగా పనిచేస్తుంది. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లాలన్నదానికి రాయకూడదు. రేపు ఆడిటర్ "ఈ నంబరు ఎవరిచ్చారు" అని అడిగితే, "ఒకాయన ఏమీ అనలేదు, అందుకని" అని చెప్పలేం. డబ్బు పద్దులో ఖామోషీ అంగీకారం కాదు.

మెయిల్ వెళ్లాక వాట్సాప్‌లో రెండు లైన్లు పెట్టాను. నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. మంగళవారం సాయంత్రం ఆరు దాటింది. లేదు.

బుధవారం పొద్దున కూడా నేరుగా మేడమ్‌కి రాయలేదు. ముందు మా మేనేజర్‌కి చెప్పాను. అవతలివాళ్ల పై ఆఫీసర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చి, ఆ సంగతి మనవాళ్లకి అప్పుడే మొదటిసారి తెలిస్తే, మన ఇజ్జత్ మన ఇంట్లోనే పోతుంది. తర్వాత ఆ హెచ్‌ఆర్ ఆవిడకి చెప్పాను. మేము బయటి కంపెనీవాళ్లం. వాళ్ల మనిషి గురించి వాళ్ల మేడమ్‌కి మేము చెప్పేముందు, వాళ్లింటి మనిషికి తెలిసి ఉండాలి. ఆవిడే ఒక పనికొచ్చే మాట చెప్పింది, మేడమ్ పదింటి లోపు అయితే ఫోన్ ఎత్తుతుంది, తర్వాత మెయిల్ కూడా సాయంత్రానికే అని. మా మేనేజర్ తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాడు. పదింటికి నా మెయిల్ వెళ్లింది, టు గడిలో మేడమ్, సార్ ఇద్దరూ.

అందులో ఎన్నిసార్లు అడిగానో లేదు. పాత మెయిల్స్ గొలుసు లేదు. "నా ఇంతకుముందు మెయిల్ ప్రకారం" అన్న మాట లేదు, ఆ మాట ఎంత మర్యాదగా రాసినా వేలు చూపించినట్టే ఉంటుంది. 11 హెడ్‌లు తేలాలి, 17 సాయంత్రంలోగా కావాలి, ఎందుకంటే 24న రన్. మార్చి ముగింపు పనుల్లో సార్ చేతులు ఖాళీగా లేవని అర్థమవుతోంది. రెండు దారులున్నాయి, ఏది నయమో మీరు చెప్పండి. ఒకటి, గురువారంలోగా ఎవరైనా మాతో గంటసేపు కూర్చోవడం. రెండు, ప్యారలల్ రన్ వరకు మాత్రం ఈ 11నీ ఒక తాత్కాలిక సస్పెన్స్ ఖాతాలో పెట్టి, ఏప్రిల్ 15లోగా తేల్చుకోవడం. రెండో దారిలో లెక్క పోల్చడం కష్టమవుతుంది, పైగా తేలకుండా ఏప్రిల్ జీతం నడపలేం. అంతే. ఫోన్ స్క్రీన్ మీద ఒక్క చూపులో అయిపోయే మెయిల్.

మధ్యాహ్నానికి జవాబొచ్చింది. "రేపు నాలుగింటికి నేను, ఆయన ఇద్దరం కూర్చుంటాం."

గురువారం ఆ గదిలోకి వెళ్లేటప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో నాకే తెలుసు. సార్ నా ముఖం చూడలేదు. షీట్ తెరిచాం. తొమ్మిది హెడ్‌లు నలభై నిమిషాల్లో అయిపోయాయి, ఏడింటికి మేము రాసిన నంబర్లే సరిపోయాయి. మిగిలిన రెండు వచ్చేసరికి సార్ నెమ్మదిగా నోరు విప్పారు. క్యాంటీన్ కోత కింద మనుషుల జీతాల్లోంచి పట్టుకుంటున్న డబ్బుని ఇన్నాళ్లూ ఇతర ఆదాయం కింద చూపిస్తున్నారట. క్యాంటీన్ ఖర్చులోంచి తగ్గించాలి కదా అని ఆయనకి చాలాకాలంగా షక్. పాత బకాయిలన్నీ డిపార్ట్‌మెంట్ విడదీయకుండా ఒకే ఖాతాలో పడుతున్నాయి. ఈ పద్ధతి ఆయన రాకముందు నుంచీ ఉంది. నా షీట్‌లో "అవును" అని రాస్తే తప్పుని తన పేరు మీద రాసుకున్నట్టు. "కాదు" అంటే సంవత్సరాంతంలో, ఆడిటర్లు తలుపు దగ్గర ఉండగా, పాత లెక్క తప్పని మేడమ్‌కి రాతపూర్వకంగా చెప్పినట్టు. మార్చడం ఆయన చేతిలో లేదు, అది మేడమ్ ఫైసలా. మొత్తం షీట్ ఆ రెండు వరుసల దగ్గర ఆగిపోయింది. నాకు కనిపించింది మాత్రం లాపర్వాయీ.

మేడమ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ రెండూ సస్పెన్స్‌లో పెట్టండి, ఆడిటర్లతో మాట్లాడి నేను చెబుతాను" అంది. తిట్టలేదు. నేను సీసీలో పేరు పెట్టి గుస్సాగా పంపుంటే ఈ మాట ఆ గదిలో బయటికి వచ్చేదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆయన ఆ కోపానికి జవాబుగా పదకొండు "అవును"లు రాసి పంపేసేవారేమో. అది ఇంకా పెద్ద నష్టం, ఎవరికీ కనిపించనిది.

లిఫ్ట్ దగ్గర సార్ అన్నారు, "మీరు ఆ మెయిల్‌లో ఇంకెవరితోనైనా మాట్లాడాలా అని రాశారు చూడండి, దానికి జవాబు రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టానమ్మా." ఎందుకు పంపలేదని నేను అడగలేదు. ఆ ప్రశ్న ఫిబ్రవరి 20నే, మొదటి మెయిల్‌లోనే అడగాల్సింది. ఇది మీ ఫైసలాయేనా, ఇంకెవరి మాట కావాలి అని. ఇప్పుడు ఏ కొత్త పని మొదలుపెట్టినా మొదటి మీటింగ్‌లోనే ఇదీ, మీరు దొరక్కపోతే ఎవరిని అడగను అన్నదీ కలిపి అడిగేస్తాను. అప్పుడైతే అందరి మూడ్ బాగుంటుంది, ఎవరూ తప్పు పట్టుకోరు.

24న ప్యారలల్ రన్ మొదలైంది. పాత, కొత్త లెక్కల మధ్య తేడా వచ్చింది, మేం అనుకున్నట్టే ఆ రెండు హెడ్‌ల దగ్గరే. ఏప్రిల్ 9న మేడమ్ నుంచి రెండు ఖాతా నంబర్లు వచ్చాయి, సస్పెన్స్ ఖాతా ఖాళీ చేశాం. ఆ మెయిల్‌లో సార్ కూడా ఉన్నారు. ఆయన కింద ఒక లైను చేర్చారు, క్యాంటీన్ కోతకి కొత్త నంబరు ఏప్రిల్ నుంచే, పాత నెలలు ముట్టుకోవద్దు అని. అడక్కుండా ఆయన రాసిన మొదటి మెయిల్ అదే.